భూమిలోనూ ఘాతంలోనూ x ఉన్న రెండు పదాల మొత్తం: లాగ్ ఎక్కడ తీసుకోవాలి, ఎక్కడ తీసుకోకూడదు?

హనుమకొండ_ఎంపీసీ

సభ్యులందరికీ నమస్కారం. నేను హనుమకొండలో ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. మొన్న కాలేజీలో పెట్టిన పరీక్షలో y = x^(sin x) + (sin x)^x కు అవకలజం కనుక్కోమని ఏడు మార్కుల ప్రశ్న వచ్చింది. x భూమిలోనూ ఘాతంలోనూ ఉన్నప్పుడు రెండు వైపులా సంవర్గమానం తీసుకోవాలని నేర్చుకున్నాను కాబట్టి ఈ విధంగా చేశాను.

```
log y = sin x · log x + x · log(sin x)
(1/y) dy/dx = cos x · log x + (sin x)/x + log(sin x) + x · cot x
dy/dx = y [cos x · log x + (sin x)/x + log(sin x) + x · cot x]
```

నాకు రెండే మార్కులు వచ్చాయి. రెండో వరుసలోని నాలుగు పదాలనూ మళ్ళీ మళ్ళీ సరిచూసుకున్నాను, వాటిలో నాకు ఏ తప్పూ కనిపించలేదు. అడిగితే, u, v అని విడదీసి చేయాలి అని మాత్రమే చెప్పారు. విడదీయడం రాసే పద్ధతికి సంబంధించిన విషయమా, లేక నా జవాబే తప్పా? జవాబు తప్పయితే అది తప్పని పరీక్ష గదిలో నాకు నేనే ఎలా తెలుసుకోగలను?

కాజీపేట_జంక్షన్

చెల్లెమ్మా, నీ జవాబే తప్పు. రెండింటి మొత్తానికి లాగ్ తీసుకుంటే అది రెండు లాగ్‌ల మొత్తం కాదు, లబ్ధానికి మాత్రమే అలా విడిపోతుంది. అయితే నా అభిప్రాయంలో ఇలాంటి లెక్కలకు లాగ్ అవసరమే లేదు. మేము ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షకు తయారైనప్పుడు ఒక చిట్కా వాడేవాళ్ళం. x^x తీసుకుంటే, ముందు ఘాతాన్ని స్థిరరాశి అనుకొని అవకలనం చేస్తే x · x^(x-1), అంటే x^x వస్తుంది. తరువాత భూమిని స్థిరరాశి అనుకొని చేస్తే x^x · log x వస్తుంది. రెండింటినీ కూడితే x^x (1 + log x), ఇదే సరైన జవాబు. రెండు తప్పులను కూడితే ఒప్పు ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఇది x^x కు యాదృచ్ఛికంగా కుదిరిందని, మిగతా వాటికి నమ్మి వాడకూడదని మా స్నేహితులు అనేవారు కాబట్టి నీ లెక్కకు దీనిని వాడమని మాత్రం నేను చెప్పను.

ఎనుమాముల_కాటా

నేను మార్కెట్ యార్డులో లెక్కలు రాసే పనిలో ఉన్నాను. ఇరవై ఏళ్ళ క్రితం పాలిటెక్నిక్ చదివాను, ఇప్పుడు మా అమ్మాయికి ఇవే పాఠాలు దగ్గర కూర్చొని చెప్పుకుంటున్నాను. పైన కాజీపేట అన్న రాసిన x^x సూత్రమే తప్పేమోనని నాకు అనుమానం ఉంది, ఎందుకంటే నేను దానిని కాలిక్యులేటరు మీద పరీక్షించాను. x = 2 దగ్గర సూత్రం ప్రకారం 4(1 + log 2) అంటే 4 × 1.3010 = 5.204 రావాలి. కానీ 2.01^2.01 విలువ 4.0684, 1.99^1.99 విలువ 3.9329. రెండింటి తేడాను 0.02 తో భాగిస్తే సుమారు 6.77 వస్తుంది. సున్నా పాయింటు ఒకటి రెండు తేడా అయితే సరిపెట్టుకోవచ్చు గానీ ఒకటిన్నర తేడా ఎక్కడి నుంచి వచ్చింది? ఇక్కడ అందరూ సూత్రాన్ని అరువు తెచ్చుకొని వాడుతున్నారు గానీ ఎవరూ తూకం వేసి చూస్తున్నట్లు లేదు.

పరకాల_లెక్కల_సారు

ముగ్గురి ప్రశ్నలకూ ఒకదానితో ఒకదానికి సంబంధం ఉంది కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ముందుగా కాటా గారూ, మీరు తూకం వేసిన పద్ధతి నూటికి నూరుపాళ్ళు సరైనదే, తప్పు తూకపు రాయిలో ఉంది. కాలిక్యులేటరు మీద log అన్న మీట 10 ఆధారంగా సంవర్గమానం ఇస్తుంది. మన ఇంటర్ పుస్తకాలలో అవకలనం అధ్యాయంలో log x అని రాసినదంతా e ఆధారంగా ఉన్న సహజ సంవర్గమానం, దానికి కాలిక్యులేటరు మీద ln అన్న మీట నొక్కాలి. log x యొక్క అవకలజం 1/x అన్న మాట e ఆధారంగా ఉన్నప్పుడే నిజం, 10 ఆధారంగా తీసుకుంటే దానికి 0.4343 అనే గుణకం అదనంగా వచ్చి చేరుతుంది. ln 2 విలువ 0.6931 కాబట్టి మీ లెక్క 4 × 1.6931 = 6.7726 అవుతుంది, మీకు వచ్చిన 6.77 దానికి సరిపోతుంది.

కాజీపేట తమ్ముడు చెప్పిన చిట్కాను కూడా ఇదే x = 2 దగ్గర చూడవచ్చు. ఘాతాన్ని కదలకుండా ఉంచితే 2 × 2^1 = 4, భూమిని కదలకుండా ఉంచితే 4 × 0.6931 = 2.7726, రెండూ కలిస్తే 6.7726. ఇది యాదృచ్ఛికం కాదు, x^x ఒక్కదానికే పరిమితమైనదీ కాదు. u, v రెండూ x లో ప్రమేయాలై, u ధనాత్మకంగా ఉన్న చోట y = u^v అనుకోండి. log y = v · log u అవుతుంది. కుడివైపు ఉన్నది లబ్ధం కాబట్టి దాని అవకలజంలో రెండు పదాలు వస్తాయి: v మారినందువల్ల వచ్చేది v′ · log u, u మారినందువల్ల వచ్చేది v · u′/u. రెండు వైపులా y తో గుణిస్తే మొదటిది u^v · log u · v′ అవుతుంది, రెండోది v · u^(v-1) · u′ అవుతుంది. మొదటిది భూమి స్థిరంగా ఉన్నప్పటి సూత్రం, రెండోది ఘాతం స్థిరంగా ఉన్నప్పటి సూత్రం. x కొద్దిగా కదిలినప్పుడు భూమీ కదులుతుంది, ఘాతమూ కదులుతుంది, మొత్తం మార్పులో రెండింటి వాటా ఉంటుంది. విద్యార్థులు చేసే తప్పు ఈ రెండు వాటాలలో ఒకదానిని మరచిపోవడమే గాని, ఉన్న వాటా తప్పు కావడం కాదు. అందువల్ల నీవు అన్నట్లు అవి రెండు తప్పులు కావు తమ్ముడూ, ఒకే ఒప్పులోని రెండు సగాలు.

ఇక హనుమకొండ అమ్మాయి ప్రశ్న. తల్లీ, నీ రెండో వరుసలో తప్పు లేదు, తప్పు మొదటి వరుసలోనే జరిగిపోయింది. నీవు రాసిన log y కుడివైపు భాగం x^(sin x) · (sin x)^x అనే లబ్ధానికి లాగ్. ప్రశ్నలో ఉన్నది కూడిక. అంటే ఒక ప్రమేయానికి అవకలనం చేసి, చివరలో y స్థానంలో వేరొక ప్రమేయాన్ని పెట్టి గుణించావు. x = π/2 దగ్గర చూడు. అక్కడ sin x = 1, cos x = 0, కాబట్టి నీ బ్రాకెట్టులో 2/π ఒక్కటే మిగులుతుంది, y విలువ π/2 + 1 అంటే 2.5708. రెండూ గుణిస్తే నీ జవాబు సుమారు 1.637. సరైన జవాబు ఇలా వస్తుంది.

```
u = x^(sin x),   u' = x^(sin x) [cos x · log x + (sin x)/x]
v = (sin x)^x,   v' = (sin x)^x [log(sin x) + x · cot x]
dy/dx = u' + v'
```

π/2 దగ్గర u′ = 1, v′ = 0, మొత్తం 1. కాబట్టి విడదీయడం రాసే పద్ధతి కాదు, కూడికకు లాగ్ లోపలికి వెళ్ళే దారి లేకపోవడం వల్ల ఏర్పడిన అవసరం. ముందు కూడికను విడదీసి, ప్రతి పదానికీ దాని లాగ్ దానికే తీసుకోవాలి.

నర్సంపేట_డిగ్రీ

సారు చెప్పిన సారాంశంతో నాకు పేచీ లేదు గానీ, సరిచూసుకోవడానికి ఎంచుకున్న బిందువుతో ఉంది. నేను డిగ్రీ కళాశాలలో గణితం బోధిస్తాను, ఇదే లెక్కలో ఇదే బిందువు దగ్గర ఒకసారి మోసపోయాను కాబట్టి చెబుతున్నాను. π/2 దగ్గర (sin x)^x విలువ 1, దాని అవకలజం 0. ఒక ప్రమేయాన్ని అలాంటి దానితో గుణించినా, అలాంటి దానిని కూడినా, ఆ బిందువు దగ్గర వచ్చే వాలు ఒకటే. కావాలంటే చూడండి: ఈ అమ్మాయి చివరి వరుసలో y బదులు లబ్ధాన్నే రాసి ఉంటే, π/2 × 2/π = 1 అని వచ్చేది. అంటే ప్రశ్నను పూర్తిగా లబ్ధంగా మార్చేసి చేసిన విద్యార్థికి కూడా π/2 దగ్గర తన జవాబు సరైనదిగానే కనిపిస్తుంది. లెక్క తేలికగా తేలే బిందువులలో సున్నాలూ ఒకట్లూ ఎక్కువగా ఉంటాయి, తప్పులు దాక్కునేది కూడా సరిగ్గా వాటి వెనుకే.

x = 1 దగ్గర చూస్తే ఏదీ దాగదు. ఇక్కడ 1 అంటే ఒక రేడియను, కాలిక్యులేటరును రేడియన్ల పద్ధతిలోకి మార్చకపోతే sin 1 కు 0.01745 అని డిగ్రీల విలువ చూపిస్తుంది. log 1 = 0 కాబట్టి u = 1, u′ = sin 1 = 0.8415. v కూడా 0.8415 అవుతుంది, v′ = 0.8415 × (−0.1726 + 0.6421) = 0.3951. మొత్తం 1.2365. పై అమ్మాయి రాసిన సూత్రం అదే చోట 2.414 ఇస్తుంది, అంటే దాదాపు రెట్టింపు. పూర్తి లబ్ధంగా చేసిన వారికి 1.103 వస్తుంది. మూడూ మూడు వేర్వేరు సంఖ్యలు కాబట్టి ఎవరి తప్పు ఎక్కడుందో ఇక్కడ బయటపడుతుంది. కాటా గారి పద్ధతిలో ప్రమేయం విలువలను తీసుకుంటే x = 1.01 దగ్గర 1.85389, x = 0.99 దగ్గర 1.82916, తేడాను 0.02 తో భాగిస్తే 1.2365. సూత్రం ఏమీ తెలియని తూకం కూడా అదే చెబుతోంది.

పరీక్ష గదిలో కాలిక్యులేటరు ఉండదు కదా అని అడుగుతారేమో, ఈ సరిచూపు ఇంటి దగ్గర సాధన చేసేటప్పటి కోసం. పరీక్షలో అయితే ఆకారాన్ని చూడాలి. ప్రశ్నలో కూడిక ఉంటే జవాబులో కూడా రెండు వేర్వేరు ఘాత రూపాలు, వాటి వాటి బ్రాకెట్లతో, కూడికగా కనిపించాలి. మొత్తం జవాబు ఒకే y కు గుణకంగా వచ్చిందంటే ఎక్కడో కూడిక లబ్ధంగా మారిపోయిందన్న మాట.

ఎనుమాముల_కాటా

ln మీట నొక్కి చూశాను, సరిపోయింది. ఇన్నాళ్ళూ ఆ మీట ఎందుకుందో కూడా తెలియదు. అయితే ఈ పొరపాటు వల్ల నాకు మరో చిక్కు కూడా అర్థమైంది. మా అమ్మాయి పుస్తకంలో x^x కనిష్ఠ విలువ x = 1/e దగ్గర ఉంటుందని ఉంది, నేను 1 + log x = 0 ను పాత మీటతో సాధించి x = 0.1 అని చెప్పి, పుస్తకం తప్పని వాదించాను. ఇప్పుడు విలువలు తీసి చూస్తే 0.1^0.1 = 0.794, 0.368^0.368 = 0.692. పుస్తకమే ఒప్పు. సాయంత్రం ఇంటికి వెళ్ళి ఈ సంగతి ఒప్పుకోవాలి.

కాజీపేట_జంక్షన్

సారు వివరణ తరువాత చిట్కా మీద నాకున్న అనుమానం పోయింది. ఇక ముందు లాగ్ పూర్తిగా మానేసి, దీనినే అన్నిటికీ వాడవచ్చు గదా? ఈ లెక్కనే నేరుగా నాలుగు పదాలుగా రాసేస్తే అర నిమిషం కూడా పట్టదు. u, v లను విడిగా రాయడమూ, రెండు సార్లు లాగ్ తీసుకోవడమూ, తిరిగి y తో గుణించడమూ పేజీ నింపడానికి తప్ప ఎందుకు?

నర్సంపేట_డిగ్రీ

వాడవచ్చు, కానీ లాగ్ మాయం కాలేదు, భూమిని స్థిరంగా ఉంచిన వాటాలోని log u రూపంలో అక్కడే కూర్చొని ఉంది. ఇలాంటి ప్రమేయాలకు కలనం కట్టే ప్రయత్నాన్ని యోహాన్ బెర్నౌలీ 1697లో ప్రచురించినప్పటి నుంచి ఆ లాగ్ తప్పించుకోలేనిదిగానే ఉంది. log u కు అర్థం లేని చోట మీ చిట్కాకు కూడా అర్థం ఉండదు. లాగ్ తీసుకొని మొదలుపెట్టిన విద్యార్థికి, నేను దేనికి లాగ్ తీసుకుంటున్నాను, అది ధనాత్మకమేనా అనే ప్రశ్న కనీసం ఎదురవుతుంది. నేరుగా నాలుగు పదాలు రాసిన వారికి అది ఎదురే కాదు.

హనుమకొండ_ఎంపీసీ

అందరికీ ధన్యవాదాలు. x = 1 దగ్గర నా పాత జవాబు 2.414 రావడం నేనే చేసి చూసుకున్నాను, ఇక ఆ విషయంలో అనుమానం లేదు. నర్సంపేట మేడమ్ గారు రాసిన చివరి మాట చదివాక మరొకటి ప్రయత్నించాను. x = 4 తీసుకుంటే sin 4 విలువ −0.7568. (sin 4)^4 ను కాలిక్యులేటరు 0.328 అని మామూలుగానే చూపించింది. కానీ అవకలజం సూత్రంలో log(sin 4) దగ్గర తప్పు అని చూపించింది. ప్రమేయానికి విలువ ఉన్న చోట సూత్రం పనిచేయకపోతే, సూత్రం అసంపూర్ణమా, లేక అక్కడ వాలును వేరే దారిలో కనుక్కోవాలా?

పరకాల_లెక్కల_సారు

మంచి ప్రశ్న అడిగావు. 4 పూర్ణసంఖ్య కాబట్టి రుణసంఖ్యను నాలుగు సార్లు గుణించి విలువ చెప్పగలిగావు. ఇప్పుడు x ను 4.1 చేసి చూడు. sin 4.1 కూడా రుణాత్మకమే, ఘాతం 41/10, అంటే రుణసంఖ్యకు పదో మూలం కావాలి, వాస్తవ సంఖ్యలలో అది లేదు. 4.01 తీసుకున్నా, 4.001 తీసుకున్నా ఇదే పరిస్థితి. వాలు అంటే పక్కపక్క విలువల తేడాను పోల్చడం కదా. 4 కు రెండు వైపులా ఎంత దగ్గరగా వెళ్ళినా ప్రమేయానికి విలువే లేని బిందువులు అడ్డు వస్తాయి. అందువల్ల సూత్రం లోపించలేదు, అక్కడ కనుక్కోవడానికి వాలే లేదు. వేరే దారి వెతకాల్సిన పని లేదు.

కాజీపేట_జంక్షన్

సారు, 4.2 అయితే 21/5 కదా. రుణసంఖ్యకు అయిదో మూలం ఉంది, దాని ఇరవై ఒకటో ఘాతమూ ఉంది, అంటే అక్కడ ఒక రుణాత్మక విలువ వస్తుంది. మరి అక్కడ ప్రమేయం నిర్వచితం కానట్లు ఎలా చెప్పగలం?

నర్సంపేట_డిగ్రీ

4.2 దగ్గర అలా చెప్పుకోవచ్చు, 4.21 దగ్గర 421/100 కాబట్టి చెప్పుకోలేము, కరణీయ సంఖ్యల దగ్గర అసలే చెప్పలేము. చెప్పగలిగిన చోట్ల కూడా ఘాతం లవం సరిసంఖ్య అయితే ధనాత్మకం, బేసి సంఖ్య అయితే రుణాత్మకం, ఆ రెండు రకాల బిందువులూ ఎంత ఇరుకైన అంతరంలోనైనా కలిసిపోయి ఉంటాయి. ఇలా చెల్లాచెదురుగా ఉన్న చుక్కలను వక్రం అనుకోలేము. అందుకే ఘాతంలో చలరాశి ఉన్నప్పుడు భూమి ధనాత్మకంగా ఉండాలన్న షరతుతోనే ప్రమేయాన్ని నిర్వచిస్తాము. ఈ లెక్కలో x కూడా ఒక పదానికి భూమి కాబట్టి x > 0 కావాలి, sin x > 0 కూడా కావాలి. అంటే 0 < x < π, తరువాత 2π < x < 3π, ఇలా ఒకటి విడిచి ఒకటి అంతరాలు. సమాధానం మొదటి వరుసలోనే ఈ మాట రాయాలి, రాయని వారికి నేను ఒక మార్కు తగ్గిస్తాను.

పరకాల_లెక్కల_సారు

ఒక మార్కు తగ్గించడాన్ని నేను ఒప్పుకోలేను మేడమ్. ప్రశ్నపత్రం dy/dx కనుక్కోమంటుంది గాని ప్రదేశం కనుక్కోమని అడగదు. లాగ్ తీసుకోగలిగిన చోటనే ప్రశ్న వేశారని విద్యార్థి అనుకోవడం న్యాయమే. నేను పత్రాలు దిద్దేటప్పుడు u′ కు, v′ కు, కూడికకు మార్కులు వేస్తాను, 0 < x < π అని రాసిన పిల్లలను చూసి సంతోషిస్తాను గాని, రాయని వారికి కోత పెట్టను.

నర్సంపేట_డిగ్రీ

మీరు కోత పెట్టకపోవడం వల్లనే డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరిన పిల్లలు (cos x)^x కు x = 2 దగ్గర వాలు అడిగితే, cos 2 విలువ −0.416 అని చూసి కూడా, రుణ గుర్తును నిలువు గీతల మధ్య పెట్టి log 0.416 తో లెక్క ముగిస్తున్నారు. log|y| అన్న వెసులుబాటు మామూలు లబ్ధాలకూ, భాగహారాలకూ ఉంది, ఎందుకంటే అక్కడ y రుణాత్మకమైనా ప్రమేయం ఉంటుంది. ఘాతంలో x ఉన్నప్పుడు ప్రమేయమే ఉండదు, ఇక నిలువు గీతలు దేనిని కాపాడతాయి?

హనుమకొండ_ఎంపీసీ

నేను ఇక నుంచి అంతరాన్ని రాస్తాను, మార్కు ఇచ్చినా ఇవ్వకపోయినా ఇబ్బంది లేదు. ఇప్పుడు పుస్తకంలోని x^y + y^x = a^b అనే లెక్క దగ్గర ఉన్నాను. కూడిక ఉంది కాబట్టి u, v అని విడదీశాను. u + v స్థిరరాశి కాబట్టి u′ + v′ = 0 అని రాశాను. u′ = y · x^(y-1) + x^y · log x · (dy/dx) అని వచ్చింది, అందులో రెండు వాటాలూ కనిపిస్తున్నాయి. v′ కూడా అలాగే చేసి dy/dx ఉన్న పదాలను ఒకవైపుకు తెస్తే ఇలా వచ్చింది.

```
dy/dx = −[y · x^(y-1) + y^x · log y] / [x^y · log x + x · y^(x-1)]
```

ఇక్కడ x > 0, y > 0 అని రాశాను. హారం సున్నా అయ్యే అవకాశం గురించి కూడా రాయాలా, లేక అది ఎక్కువ అవుతుందా?

పరకాల_లెక్కల_సారు

జవాబు సరిగ్గా ఉంది తల్లీ. x, y రెండూ 1 కంటే ఎక్కువైతే హారంలోని రెండు పదాలూ ధనాత్మకమే కాబట్టి అక్కడ చింత లేదు. x విలువ 1 కంటే తక్కువైతే log x రుణాత్మకం అవుతుంది, అప్పుడు చూసుకోవాలి. రాయాలా వద్దా అన్నది మాత్రం మేడమ్ గారూ నేనూ ఇంకా తేల్చుకోవలసిన సంగతి.